లాస్ తగ్గింది, మోడల్ మాత్రం ఏమీ నేర్చుకోలేదు: నా ఇంటర్వ్యూ అనుభవం

నేను జావాలో బ్యాకెండ్ రాసేవాణ్ణి. బిల్లింగ్ సర్వీసులు, క్యూలు, డేటాబేస్ ట్యూనింగ్, ఇదే నా పని. రాయదుర్గం వైపు ఒక కంపెనీలో లాంగ్వేజ్ మోడల్స్ ట్రైన్ చేసే టీమ్‌కి సాఫ్ట్‌వేర్ మనిషి కావాలని తెలిసి అప్లై చేశాను. మెషిన్ లెర్నింగ్ డిగ్రీ అక్కర్లేదు, కానీ ఆ మోడల్స్‌కి పునాది అయిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం లోపల ఏం జరుగుతుందో చెప్పగలగాలి అన్నారు. అలాంటి ఇంటర్వ్యూకి నాలాంటి నేపథ్యంతో వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అమీర్‌పేటలో దొరికే నోట్స్ ఒక కట్ట తెచ్చుకున్నాను. అందులో అన్నీ ఉన్నాయి, అదే చిక్కు. ఏది ముఖ్యమో తేలదు. పాత ఆఫీసులో నా సీనియర్ ఒకావిడ ఇప్పుడు ఇదే రంగంలో ఉంది. నేను అక్కా అనే పిలుస్తాను. ఫోన్ చేస్తే ఒకటే మాట అంది: "నోట్స్ పక్కన పెట్టు. ఒక తెలుగు వాక్యం తీసుకుని, మోడల్ దాన్ని ఎలా చదువుతుందో, దాని నుంచి ఎలా నేర్చుకుంటుందో కాగితం మీద అంకెలతో చేసి నాకు చూపించు."

నేను తీసుకున్న వాక్యం "రవి కవితకి పుస్తకం ఇచ్చాడు". మోడల్ చదివేది టోకెన్లు, అంటే మాటలో ముక్కలు. లెక్క సులువు కావాలని మాటకి ఒక టోకెన్ అనుకున్నాను.

ముందు ట్రైనింగ్ సంగతి. లాంగ్వేజ్ మోడల్‌కి మనం పెట్టే పని ఒక్కటే: ఇప్పటిదాకా వచ్చిన టోకెన్లు చూసి తర్వాతి టోకెన్ ఏదో చెప్పడం. ఒక్క మాట చెప్పి ఊరుకోదు, దానికి తెలిసిన టోకెన్లన్నిటికీ తలా ఒక సంభావ్యత ఇస్తుంది. "రవి కవితకి పుస్తకం" దాకా చదివి "ఇచ్చాడు"కి 0.2 ఇచ్చిందనుకోండి. లాస్ అంటే మోడల్ ఎంత తప్పిందో చెప్పే అంకె. అప్పుడది `-ln(0.2)`, అంటే 1.61. అదే 0.5 ఇస్తే లాస్ 0.69. అసలైన మాటకి ఎంత ఎక్కువ ఇస్తే లాస్ అంత తగ్గుతుంది. మోడల్ నేర్చుకున్నదంతా ఉండేది వెయిట్స్ అనే అంకెల్లో. ఆ లాస్ తగ్గాలంటే ఏ వెయిట్‌ని ఎటు, ఎంత జరపాలో చెప్పేది గ్రేడియంట్. ఆ ప్రకారం అన్ని వెయిట్స్‌నీ కొద్దికొద్దిగా జరుపుతారు. మళ్లీ కొత్త వాక్యాలు, మళ్లీ అదే పని. ఎవరూ జవాబులు రాసి ఇవ్వనక్కర్లేదు. తర్వాతి మాట వాక్యంలోనే ఉంటుంది కదా, అదే జవాబు.

ఇక్కడ తెలుగు మనకి మంచి ఉదాహరణ ఇస్తుంది. క్రియ "ఇచ్చాడు" అవ్వాలా, "ఇచ్చింది" అవ్వాలా అన్నది కర్తని బట్టి ఉంటుంది. కర్త వాక్యం మొదట్లో ఉంది, క్రియ చివర్లో ఉంది. మధ్యలో కవిత కూడా ఉంది. కానీ ఆవిడకి "కి" తగిలింది కాబట్టి కర్త కాదు. "పుస్తకం" దగ్గర ఉన్న మోడల్, వెనక్కి చూసి రవిని పట్టుకోవాలి. అటెన్షన్ చేసేది ఈ పనే.

ప్రతి టోకెన్‌కీ ఒక వెక్టర్ ఉంటుంది. దాన్ని మూడు వేర్వేరు మాత్రికలతో గుణిస్తే మూడు వెక్టర్లు వస్తాయి. క్వెరీ అంటే నేను దేని కోసం వెతుకుతున్నాను అని. కీ అంటే నా దగ్గర ఏముందో చెప్పే గుర్తు. వాల్యూ అంటే ఎవరైనా నన్ను ఎంచుకుంటే నేను ఇచ్చే సమాచారం. జావా వాళ్లకి వెంటనే హ్యాష్‌మ్యాప్ గుర్తొస్తుంది. హ్యాష్‌మ్యాప్‌లో కీ సరిగ్గా కలిస్తేనే వాల్యూ వస్తుంది, లేకపోతే నల్. ఇక్కడ అన్ని కీలూ కొంత కొంత కలుస్తాయి, అన్ని వాల్యూలూ ఆ నిష్పత్తిలో కలిసి వస్తాయి. ఎందుకిలా అంటే, ఉందా లేదా అన్న మ్యాప్‌కి గ్రేడియంట్ ఉండదు, కొంత కొంత అన్నదానికి ఉంటుంది. గ్రేడియంట్ లేకపోతే నేర్చుకోవడమే లేదు.

ఇంకో విషయం చాలామంది జారవిడుస్తారు. క్వెరీ వచ్చేది ఖాళీ నుంచి కాదు. ఇంకా రాని మాటకి వెక్టర్ ఎక్కడిది? క్వెరీ "పుస్తకం" స్థానం నుంచి వస్తుంది. తర్వాతి మాట చెప్పే బాధ్యత ప్రస్తుతం చివర ఉన్న టోకెన్‌ది.

"పుస్తకం" క్వెరీని ఒక్కో కీతో డాట్ ప్రొడక్ట్ చేశాను. నేను పెట్టుకున్న అంకెలు: రవితో 24, కవితకి తో 8, తనతో తనకి 0. క్వెరీ, కీల పొడవు 64 అనుకున్నాను. 2017లో గూగుల్ పరిశోధకులు మొదటి ట్రాన్స్‌ఫార్మర్‌ని వివరించినప్పుడు ఒక్కో హెడ్‌కి, అంటే ఇలాంటి ఒక్కో వెతుకులాటకి, వాడింది ఆ పొడవే. స్కోర్లని మొత్తం 1 అయ్యే వాటాలుగా మార్చేది సాఫ్ట్‌మ్యాక్స్. ఈ అంకెల్ని నేరుగా అందులో వేస్తే రవికి దాదాపు 1 వస్తుంది, కవితకి ఒక కోటిలో ఒక వంతు వస్తుంది. పైకి బాగానే ఉంది, రవినే పట్టుకుంది కదా అనిపిస్తుంది. కానీ సాఫ్ట్‌మ్యాక్స్ గ్రేడియంట్ `p(1-p)` లెక్కన నడుస్తుంది. `p` దాదాపు 1 అయితే అది దాదాపు సున్నా. ట్రైనింగ్ మొదట్లో మోడల్ రవి బదులు ఇంకెవర్నో ఇంత గట్టిగా పట్టుకుంటే, ఇక దిద్దుకునే దారి ఉండదు.

అందుకే 64 వర్గమూలంతో, అంటే 8తో భాగిస్తారు. అప్పుడు స్కోర్లు 3, 1, 0 అవుతాయి. సాఫ్ట్‌మ్యాక్స్ తర్వాత రవికి 0.84, కవితకి 0.11, పుస్తకానికి 0.04 వస్తాయి. ఇప్పుడు `p(1-p)` సుమారు 0.13. మోడల్ రవి వైపే మొగ్గింది, కానీ మనసు మార్చుకునే వీలుంది.

"8తోనే ఎందుకు? 10తో భాగిస్తే ఏం?" అని అక్క అడిగింది. నోట్స్‌లో ఫార్ములా ఉంది, కారణం లేదు. కారణం ఇది: డాట్ ప్రొడక్ట్ అంటే 64 గుణకారాల మొత్తం. ఒక్కో గుణకారం ఫలితం సగటు 0, వేరియన్స్ 1 ఉన్నదైతే, 64 కలిపేసరికి వేరియన్స్ 64 అవుతుంది, స్టాండర్డ్ డీవియేషన్ 8 అవుతుంది. 8తో భాగిస్తే మళ్లీ 1 దగ్గరకి వస్తుంది. పొడవు ఎంతైనా స్కోర్ల విస్తృతి ఒకేలా ఉండాలన్నదే ఉద్దేశం. 10తో భాగించినా కొంప మునగదు, మోడల్ సర్దుకుంటుంది. అసలు భాగించకపోతేనే ఇబ్బంది.

హెడ్స్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఇలాంటి వెతుకులాట ఒకేసారి చాలా జరుగుతాయి. జీపీటీ-2 చిన్న మోడల్‌లో పొరకి 12 హెడ్స్, ఒక్కోటి 64 పొడవు, మొత్తం 768. అలాంటి పొరలు 12. ఒక హెడ్ కర్తని వెతికితే ఇంకొకటి పక్క మాటని చూడొచ్చు. ఏది ఏం చేయాలో మనం చెప్పం.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడి నుంచే. నోట్స్‌లో దీనికి రెండు లైన్లు కేటాయించారు.

మన వాక్యంలో నాలుగు టోకెన్లు ఉన్నాయి. "రవి" చూసి "కవితకి" చెప్పాలి, "రవి కవితకి" చూసి "పుస్తకం" చెప్పాలి, మూడూ చూసి "ఇచ్చాడు" చెప్పాలి. మూడు ప్రశ్నలు. వీటిని విడివిడిగా మూడుసార్లు మోడల్‌లోంచి పంపరు. వాక్యం మొత్తం ఒకేసారి పంపి, మూడు స్థానాల దగ్గరా మూడు జవాబులు ఒకేసారి తీసుకుంటారు. 1024 టోకెన్ల ముక్క పంపితే వెయ్యికి పైగా ప్రశ్నలకి ఒకే దెబ్బలో జవాబులు వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ జీపీయూ మీద అంత వేగంగా ట్రైన్ అవ్వడానికి పెద్ద కారణం ఇదే. అంతకుముందు వాడిన రికరెంట్ నెట్‌వర్క్‌లు ఒక మాట అయ్యాకే ఇంకో మాటకి వెళ్లాలి.

కానీ మొత్తం ఒకేసారి పంపితే, "పుస్తకం" స్థానానికి "ఇచ్చాడు" కూడా కనిపిస్తుంది కదా. జవాబుల కాగితం పక్కన పెట్టుకుని పరీక్ష రాసినట్టే. అందుకే మాస్క్ ఉంటుంది. ఏ స్థానమూ తనకన్నా ముందున్నవాటినీ తననీ తప్ప, తర్వాతివాటిని చూడకుండా ఆ స్కోర్లని `-inf` చేస్తారు. సాఫ్ట్‌మ్యాక్స్‌లో అవి సున్నా అయిపోతాయి. కోడ్‌లో ఇంతే:

```python
scores = q @ k.transpose(-2, -1) / math.sqrt(64)
mask = torch.tril(torch.ones(T, T)).bool()
scores = scores.masked_fill(~mask, float("-inf"))
out = scores.softmax(-1) @ v
```

మూడో లైన్ తీసేసినా ప్రోగ్రామ్ ఆగదు. ఎక్సెప్షన్ రాదు. సర్వర్ కోడ్‌లో తప్పుంటే ఎక్కడో ఒకచోట ఎర్రగా కనిపిస్తుందని అలవాటు పడిన మనకి ఇది ఇబ్బంది. ఇక్కడ తప్పు ఉంటే గ్రాఫ్ ఇంకా అందంగా కనిపిస్తుంది.

అక్క నాకు రెండు చిన్న ప్రోగ్రామ్‌లు పంపింది. రెండూ అక్షరం అక్షరంగా చదివే మోడల్స్, తెలుగు వికీపీడియా వ్యాసాల మీద ట్రైన్ అయ్యేవి. అక్షరాలు, గుణింతపు గుర్తులు, అంకెలు, చుక్కలు అన్నీ కలిపి 96 టోకెన్లు. "రెండిట్లోనూ తప్పు పెట్టాను. కోడ్ చదవకుండా, రన్ చేసి చెప్పు" అంది.

రన్ చేసేముందు ఒక లెక్క తెలిసి ఉండాలి. ఏమీ నేర్చుకోని మోడల్ 96 టోకెన్లకీ దాదాపు సమానంగా సంభావ్యత ఇస్తుంది. అంటే లాస్ `ln(96)`, 4.56 దగ్గర మొదలవ్వాలి. 9తోనో 15తోనో మొదలైతే మొదటి వెయిట్స్ మరీ పెద్దవిగా ఉన్నాయని అర్థం. ఈ రెండూ 4.6 దగ్గరే మొదలయ్యాయి. అంతవరకూ సరే.

ఆ తర్వాత కొన్ని వందల స్టెప్‌లకే రెండిట్లోనూ లాస్ 0.02కి పడిపోయింది. అంకెని సంభావ్యతగా మార్చి చూస్తే ఇది ఎంత వింతో తెలుస్తుంది. లాస్ 2 అంటే సరైన అక్షరానికి సగటున సుమారు 0.135 ఇస్తోందని. 0.02 అంటే 0.98 ఇస్తోందని. "క" తర్వాత ఏ గుణింతం వస్తుందో నూటికి తొంభై ఎనిమిది నమ్మకంతో ఎవరు చెప్పగలరు? మనమే చెప్పలేం. భాషలోనే అంత ఖచ్చితత్వం లేదు.

బట్టీ పట్టిందేమో అని మొదటి అనుమానం. దానికి వ్యాలిడేషన్ లాస్ చూడాలి, అంటే ట్రైనింగ్‌లో చూపించని వ్యాసాల మీద లాస్. బట్టీ అయితే ట్రైనింగ్ లాస్ తగ్గి, వ్యాలిడేషన్ లాస్ పైకి పోతుంది. ఇక్కడ రెండూ 0.02 దగ్గరే ఉన్నాయి. ఎప్పుడూ చూడని వ్యాసాన్ని బట్టీ పట్టలేరు కదా. అవే వ్యాసాలు రెండువైపులా పడితే వ్యాలిడేషన్ కూడా తగ్గొచ్చు గానీ, ఇంత చిన్న మోడల్ ఇంత కొద్ది స్టెప్‌లలో అంత బట్టీ పట్టలేదు. కాబట్టి జవాబు ఎక్కడో లీక్ అవుతోంది.

లీక్ ఎక్కడో తేల్చడానికి మోడల్ చేత రాయించి చూశాను. మొదటిది పొంతన లేని అక్షరాలు గుమ్మరించింది. రెండోది "కకకకక" అంటూ ఇచ్చిన చివరి అక్షరాన్నే పట్టుకుని కూర్చుంది. ఈ తేడాలోనే రెండు జబ్బులూ దొరికిపోతాయి.

మొదటిదాంట్లో మాస్క్ పనిచేయడం లేదు. ట్రైనింగ్‌లో తర్వాతి అక్షరాన్ని చూసి కాపీ కొట్టడం నేర్చుకుంది. రాసేటప్పుడు తర్వాతి అక్షరమే లేదు, కాపీ కొట్టడానికి ఏమీ లేక చెత్త రాసింది. దీన్ని రుజువు చేసే పరీక్ష చిన్నది. రెండు ఇన్‌పుట్‌లు తీసుకోండి, మొదటి 20 టోకెన్లు ఒకటే, తర్వాతివి వేరు. మాస్క్ సరిగ్గా ఉంటే మొదటి 20 స్థానాల జవాబులు మారకూడదు.

```python
model.eval()
a = torch.randint(0, 96, (1, 32))
b = a.clone()
b[0, 20:] = torch.randint(0, 96, (12,))
d = (model(a) - model(b)).abs()
print(d[0, :20].max())
```

సున్నా గానీ, దశాంశం తర్వాత ఆరేడు సున్నాలున్న అంకె గానీ రావాలి. `eval()` మర్చిపోతే, ట్రైనింగ్‌లో కొన్ని అంకెల్ని యాదృచ్ఛికంగా సున్నా చేసే డ్రాపవుట్ వల్ల మాస్క్ బాగున్నా తేడా కనిపిస్తుంది. అక్క ప్రోగ్రామ్‌లో పెద్ద అంకెలే వచ్చాయి.

రెండోదాంట్లో ఈ పరీక్ష పాస్ అయింది. మాస్క్ బాగానే ఉంది. తప్పు లేబుల్స్‌లో, అంటే సరైన జవాబులుగా ఇచ్చే టోకెన్లలో ఉంది. "రవి కవితకి పుస్తకం" ఇన్‌పుట్ అయితే లేబుల్స్ ఒక అడుగు జరిగి "కవితకి పుస్తకం ఇచ్చాడు" అవ్వాలి. ఆ జరపడం లేదు. మోడల్‌ని "నీ స్థానంలో ఉన్న టోకెన్ ఏది?" అని అడుగుతున్నాం, అది నిజాయితీగా అదే చెబుతోంది. అందుకే "కకకక".

దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. హగ్గింగ్ ఫేస్ లైబ్రరీలో జీపీటీ-2 లాంటి మోడల్‌కి లేబుల్స్ ఇస్తే అదే లోపల జరుపుతుంది. మనం కూడా జరిపి ఇస్తే రెండు అడుగులు జరిగిపోతాయి. అప్పుడు లాస్ సున్నాకి పడదు, ఉండాల్సినదానికన్నా ఎక్కువలో ఆగిపోతుంది. ఇది పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే పైకి మామూలు ట్రైనింగ్ లాగే కనిపిస్తుంది.

ఇంటర్వ్యూ రోజు తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాను. ఇంటర్వ్యూ చేసినాయన మొదట ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఊరు అడిగి తెలుసుకున్నాక తెలుగులోకి వచ్చేశారు. అటెన్షన్ వివరించమంటే బోర్డు మీద రవి, కవితల వాక్యమే రాశాను. 8తో భాగించడం దగ్గర ఆయనా ఎందుకు అని అడిగారు, వేరియన్స్ లెక్క చెప్పాను. తర్వాత ఒక గ్రాఫ్ చూపించారు. ట్రైనింగ్ లాస్, వ్యాలిడేషన్ లాస్ రెండూ కలిసి సున్నా వైపు దిగుతున్నాయి. "మీరైతే దీన్ని ప్రొడక్షన్‌కి పంపుతారా?" అన్నారు.

పంపనండీ అని, పైన రాసిందంతా వరసగా చెప్పాను: మొదటి లాస్, వ్యాలిడేషన్, రాయించి చూడటం, 20 టోకెన్ల పరీక్ష. ఆయన మధ్యలో ఆపి ఒక మెలిక పెట్టారు. "మాస్క్ ఉందండీ. కానీ సాఫ్ట్‌మ్యాక్స్ అయ్యాక, తర్వాతి స్థానాల అటెన్షన్ వెయిట్స్‌ని సున్నాతో గుణించారు. చాలదా?"

కాసేపు బోర్డు మీద చేసి చూశాను. "రవి" స్థానం తీసుకుంటే, నాలుగు మాటల మీదా సాఫ్ట్‌మ్యాక్స్ చేశాక తనకి 0.4 వచ్చిందనుకుందాం. మిగతావి సున్నా చేసినా 0.4 మిగులుతుంది. చివరి మాట మార్చితే ఆ 0.4 కాస్తా 0.3 కావొచ్చు, ఎందుకంటే హారంలో ఆ మాట స్కోరు కూడా ఉంది. అంటే భవిష్యత్తు హారం గుండా లోపలికి వస్తోంది. నేరుగా చూసినంత లీక్ కాదు, కాబట్టి గ్రాఫ్ సున్నాకి పడిపోవాలని లేదు, కానీ 20 టోకెన్ల పరీక్షలో దొరికిపోతుంది. మిగిలిన వెయిట్స్‌ని వాటి మొత్తంతో మళ్లీ భాగిస్తే సరిపోతుంది, అప్పుడు `-inf` పెట్టినదానికీ దీనికీ తేడా ఉండదు. ఆ చివరి ముక్క చెప్పాక ఆయన పెన్ను కింద పెట్టారు.

తర్వాత ఫైన్‌ట్యూనింగ్ మీద ఒక చిన్న ప్రశ్న. ముందు ట్రైనింగ్ అయిపోయిన మోడల్‌కి ప్రశ్న, జవాబు జతలు చూపించి సంభాషణ నేర్పేటప్పుడు లాస్ మారుతుందా? మారదు, అదే తర్వాతి టోకెన్ లాస్. కాకపోతే ప్రశ్న భాగంలోని టోకెన్ల మీద లాస్ లెక్కపెట్టకుండా వదిలేయడం మామూలు. పైటార్చ్‌లో ఆ లేబుల్స్‌కి `-100` పెడితే లాస్ ఫంక్షన్ వాటిని పట్టించుకోదు. ఇక్కడ ఒక పొరపాటుకి అవకాశం ఉంది: అటెన్షన్ మాస్క్ వేరు, ఈ లేబుల్ మాస్క్ వేరు. ప్రశ్న టోకెన్లని మోడల్ చూస్తుంది, చూడాలి కూడా. వాటిని ఊహించమని మాత్రం అడగం. మనుషులు రెండు జవాబుల్లో మెరుగైనది ఎంచితే దాని నుంచి నేర్పే దశ ఆ తర్వాత వస్తుంది, దాని గురించి ఆయన అడగలేదు.

చివరి ప్రశ్న నాలాంటి బ్యాకెండ్ వాడికి బాగా నచ్చింది. "మాస్క్ ట్రైనింగ్ కోసం అన్నారు. రాయించేటప్పుడు భవిష్యత్తే లేదు కదా, మరి మాస్క్ వల్ల ఇంకేమైనా లాభం ఉందా?"

ఉంది. కొత్త టోకెన్ వచ్చినప్పుడు పాత టోకెన్లు దాన్ని చూడవు, కాబట్టి ఏ పొరలోనూ వాటి కీలు, వాల్యూలు మారవు. ఒకసారి లెక్కపెట్టి దాచుకోవచ్చు. కొత్త టోకెన్ క్వెరీని మాత్రం పాత కీలతో పోల్చితే చాలు. దీన్నే కేవీ క్యాష్ అంటారు. మాస్క్ లేని మోడల్ అయితే ప్రతి కొత్త మాటకీ మొత్తం మొదటి నుంచి లెక్కపెట్టాలి. క్యాష్ ఇన్వాలిడేషన్‌తో కుస్తీ పట్టినవాళ్లకి తెలుస్తుంది, ఎప్పటికీ ఇన్వాలిడేట్ చేయక్కర్లేని క్యాష్ ఎంత అదృష్టమో.

ఎంత మెమరీ పడుతుందో లెక్క కట్టమన్నారు. జీపీటీ-2 చిన్న మోడల్‌కి: కీ, వాల్యూ రెండు, పొరలు 12, ఒక్కోటి 768 అంకెలు, అంకెకి 2 బైట్లు.

```
2 * 12 * 768 * 2 = 36864
```

టోకెన్‌కి 36 కేబీ. ఆ మోడల్ పూర్తి పొడవు 1024 టోకెన్లకి 36 ఎంబీ. ఒక యూజర్‌కి ఇది ఏమీ కాదు, వెయ్యి మంది ఒకేసారి వస్తే 36 జీబీ. మోడల్ వెయిట్స్ కన్నా క్యాషే ఎన్నో రెట్లు పెద్దదైపోతుంది.

"తెలుగు యూజర్ అయితే?" అని ఆయన నవ్వారు. "హైదరాబాద్" అన్న మాటలో యూనికోడ్ గుర్తులు 9, యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 27. జీపీటీ-2 టోకెనైజర్ బైట్ల నుంచి మొదలై, తను చూసిన పాఠంలో తరచుగా కలిసి వచ్చే జతలని అతుకుతూ పోతుంది. అది చూసిన పాఠం ఎక్కువగా ఇంగ్లీషు. తెలుగు బైట్లు కొద్దిగానే అతుక్కుంటాయి, అన్నీ విడివిడిగా మిగిలితే ఒక్క ఊరి పేరుకే 27 టోకెన్లు. అంటే అదే 1024 పొడవులో తెలుగు వాక్యాలు చాలా తక్కువ పడతాయి, అదే కబురుకి క్యాష్ ఎక్కువ పడుతుంది. టోకెనైజర్‌ని తెలుగు పాఠం మీద మళ్లీ ట్రైన్ చేస్తే ముక్కలు తగ్గుతాయి, కానీ టోకెన్ల పట్టిక మారినప్పుడు పాత మోడల్ ఎంబెడింగ్స్, అంటే ఒక్కో టోకెన్‌కీ అది నేర్చుకున్న వెక్టర్లు, ఆ కొత్త టోకెన్లకి పనికిరావు, వాటిని కొత్తగా నేర్పాలి. ఆ మాట దగ్గరే ఆయన, జాయిన్ అయితే మొదట చేయాల్సిన పని అదేనని చెప్పారు. జాయిన్ అయ్యాను, ప్రస్తుతం అదే చేస్తున్నాను.